కిలోకి ఒక పాయింటు: బరువు తగ్గితే బీపీ నిజంగా ఎంత దిగుతుంది?

"కాస్త బరువు తగ్గండి" అనే మాట వినకుండా బీపీ పేషెంటు డాక్టరు గదిలోంచి బయటికి రావడం అరుదు. ఎంత తగ్గాలి, తగ్గితే బీపీ ఎంత దిగుతుంది, అది మీటరులో ఎప్పటికి కనిపిస్తుంది అని అడిగే తీరిక పేషెంటుకు ఉండదు, విడమరిచి చెప్పే తీరిక డాక్టరుకూ ఉండదు. దాంతో చాలామంది కష్టపడి రెండు మూడు కిలోలు తగ్గి, వీధి చివర మెడికల్ షాపులో ఒకసారి బీపీ చూపించుకుని, అంకె ఎప్పటిలాగే ఉందని నీరుగారిపోయి పాత దారిలో పడతారు. నిజానికి వాళ్లలో ఎక్కువమందికి బీపీ కొంత తగ్గే ఉంటుంది. కాకపోతే అది ఒక్కసారి చూస్తే దొరికేంత పెద్ద తగ్గుదల కాదు.

స్థూలంగా లెక్క ఇది: కిలో బరువు తగ్గితే బీపీ ఒక పాయింటు తగ్గుతుంది. పాయింటు అని మనం మాట వరసకు అనేది పాదరసం మట్టంలో ఒక మిల్లీమీటరును. ఈ లెక్క ఎవరో అంచనాగా చెప్పింది కాదు. అప్పటిదాకా జరిగిన 25 ట్రయల్స్‌ను ఒకచోట చేర్చి 2003లో ఒక విశ్లేషణ ప్రచురించారు. అందులో అన్నీ కలిపి దాదాపు 4,900 మంది ఉన్నారు. సగటున వాళ్లు 5 కిలోలు తగ్గితే పై బీపీ నాలుగున్నర పాయింట్లు, కింది బీపీ మూడున్నర పాయింట్లు తగ్గాయి. కిలో చొప్పున చూస్తే పైది సుమారు ఒకటి, కిందిది ఒకటికి కాస్త తక్కువ అని తేల్చారు. 2017లో వచ్చిన అమెరికన్ బీపీ మార్గదర్శకాలూ కిలోకి ఒక పాయింటు అనే మాటనే తీసుకున్నాయి.

అయితే ఇది సగటు మాత్రమే. పది కిలోలు తగ్గిన ఇద్దరిలో ఒకరికి పదిహేను పాయింట్లు తగ్గొచ్చు, ఇంకొకరికి మూడే తగ్గొచ్చు. ఈ తేడా చాలావరకు మొదలుపెట్టినప్పుడు బీపీ ఎంత ఉందన్న దాన్ని బట్టి వస్తుంది. 150 ఉన్నవాడికి దిగడానికి చోటుంది, 125 ఉన్నవాడికి అంత చోటు లేదు. బరువు తగ్గించే సెమాగ్లుటైడ్ ఇంజెక్షన్ మీద 2021లో వచ్చిన పెద్ద ట్రయల్‌లో ఇది స్పష్టంగా కనిపించింది. ఇంజెక్షన్ తీసుకున్నవాళ్లు ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్ల కంటే దాదాపు 12, 13 కిలోలు ఎక్కువ తగ్గారు. పై బీపీలో మాత్రం వాళ్లకీ వీళ్లకీ తేడా 5 పాయింట్లే. కిలోకి ఒకటి అన్న లెక్కన పన్నెండు రావాలి కదా? అందులో చేరినవాళ్లలో చాలామందికి మొదటినుంచీ బీపీ దాదాపు మామూలుగానే ఉంది. తగ్గడానికి ఉన్నదే కొంచెం, తగ్గిందీ కొంచెమే. కాబట్టి "ఫలానావాళ్లు పదిహేను కిలోలు తగ్గితే బీపీలో ఏమీ తేడా రాలేదట" అని ఎవరన్నా చెబితే, మొదట వాళ్ల బీపీ ఎంత ఉండేదని అడగాలి.

మరి కొవ్వుకీ బీపీకీ ముడి ఎక్కడ పడుతుంది? గుండె దగ్గర అని చాలామంది అనుకుంటారు గానీ అసలు సంగతి ఎక్కువగా కిడ్నీల దగ్గర ఉంది. మనం తిన్న ఉప్పును మూత్రంలో బయటికి పంపడం కిడ్నీల పని. ఆ పని సాగడానికి వాటికి కొంత రక్తపోటు కావాలి. పొట్టలో కొవ్వు పెరిగేకొద్దీ మూడు నాలుగు వైపుల నుంచి వాటి మీద ఒత్తిడి పడుతుంది. కొవ్వు కిడ్నీలను చుట్టూ నొక్కుతుంది. కొవ్వు కణాల నుంచి వచ్చే హార్మోన్లు కిడ్నీలకు వెళ్లే నరాలను ఉసిగొల్పుతాయి. రక్తంలో ఇన్సులిన్ ఎక్కువై ఉప్పును ఒంట్లోనే నిలుపుతుంది. ఇవన్నీ కలిసి, అదే ఉప్పును బయటికి పంపడానికి కిడ్నీలకు మునుపటికంటే ఎక్కువ రక్తపోటు అవసరమయ్యేలా చేస్తాయి. ఒళ్లు ఆ ఎక్కువ పోటుకే అలవాటు పడుతుంది. బరువు తగ్గినప్పుడు ఈ ముడి వదులవుతుంది. తొడల్లో కొవ్వు కంటే పొట్టలో కొవ్వు ప్రమాదమని, నడుము కొలత మగవాళ్లలో 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లలో 80 దాటకూడదని మనదేశంలో డాక్టర్లు చెప్పడానికి ఒక కారణం ఇదే.

తగ్గిన బరువు నిలవకపోతే ఏమవుతుంది

కిలోకి పాయింటు లెక్కలో ఎవరూ గట్టిగా చెప్పని షరతు కాలానిది. పైన చెప్పిన ట్రయల్స్‌లో చాలావరకు కొన్ని నెలల పాటు సాగినవే. రెండేళ్లు, అంతకంటే ఎక్కువ కాలం గమనించిన అధ్యయనాలను 2005లో విడిగా లెక్కగట్టినప్పుడు, పది కిలోలు తగ్గితే పై బీపీ ఆరు పాయింట్లే తగ్గినట్టు తేలింది. అంటే కిలోకి 0.6. సగానికి కాస్త ఎక్కువ.

దీనికి కారణాలు రెండు. మొదటిది, తిండి తగ్గించిన రోజుల్లో బీపీ ప్రత్యేకంగా తగ్గుతుంది. అది కొవ్వు కరిగినందుకు కాదు, తిండి తగ్గినందుకే. ఇన్సులిన్ దిగుతుంది, నరాల జోరు తగ్గుతుంది, కిడ్నీలు నిల్వ ఉన్న ఉప్పునూ నీళ్లనూ వదిలేస్తాయి. మొదటి వారంలోనే కిలో, కిలోన్నర తగ్గిందని సంబరపడేది చాలావరకు ఈ నీరే. తర్వాత బరువు ఒకచోట నిలబడి, తిండి మళ్లీ ఖర్చుకు సరిపోయే స్థాయికి వచ్చేసరికి ఈ అదనపు లాభం కొంత వెనక్కి పోతుంది. కొవ్వు తగ్గినందుకు వచ్చింది మిగులుతుంది.

రెండో కారణం అందరికీ తెలిసిందే, బరువు తిరిగి రావడం. 1990లలో అమెరికాలో బీపీ రాకుండా నివారించడం మీద జరిగిన ఒక ట్రయల్ రెండో దశలో, బరువు తగ్గే బృందం ఆరు నెలలకు సగటున 4.4 కిలోలు తగ్గింది. మిగతావాళ్లతో పోలిస్తే పై బీపీ 3.7 పాయింట్లు తగ్గింది. మూడేళ్లు గడిచేసరికి తగ్గిన బరువు 0.2 కిలోలకు వచ్చింది, బీపీ తేడా 1.3 పాయింట్లకు కరిగిపోయింది. ఇదే ట్రయల్‌లో ఇంకో సంగతి ఉంది, ఎక్కువగా చెప్పుకోవాల్సింది అదే. నాలుగున్నర కిలోలు తగ్గి, మూడేళ్లూ అలాగే నిలుపుకున్నవాళ్లు కొందరు ఉన్నారు. దాదాపు ఎనిమిది మందిలో ఒకరు. వాళ్లకు కొత్తగా బీపీ జబ్బు వచ్చే అవకాశం మిగతావాళ్లతో పోలిస్తే మూడింట రెండొంతులు తగ్గింది. పది కిలోలు తగ్గి ఎనిమిది తిరిగి తెచ్చుకోవడం కంటే, నాలుగున్నర తగ్గి అక్కడే ఉండిపోవడం మేలన్నమాట.

ఈ తిరిగి రావడం ఎలా ఉంటుందో మన దగ్గర ప్రతి ఏడాదీ చూడొచ్చు. కార్తీకం వస్తే అయ్యప్ప మాల, భవానీ మాల వేసుకున్నవాళ్లు బెజవాడలో ఏ వీధిలో చూసినా కనిపిస్తారు. మండల దీక్ష అంటే 41 రోజులు. ఒంటిపూట భిక్ష, రాత్రికి అల్పాహారం, మద్యం లేదు, మాంసం లేదు, చెప్పులు లేని నడక. బీపీ ఉన్నవాళ్లు చాలామంది "మాలలో ఉన్నప్పుడు బీపీ నార్మల్, మాల తీస్తే మళ్లీ మామూలే" అంటుంటారు. అందులో ఆశ్చర్యపడాల్సింది ఏమీ లేదు. అయితే ఆ తగ్గుదల అంతా బరువు ఖాతాలో వేయకూడదు. రోజూ తాగే అలవాటు ఉన్న మనిషి మద్యం మానేస్తే ఆ ఒక్కదానితోనే బీపీ కొన్ని పాయింట్లు దిగుతుంది. రాత్రి భోజనంలో ఊరగాయ, చిప్స్, బయటి కూరలు తగ్గితే ఉప్పు తగ్గుతుంది. బరువు తగ్గింది రెండు మూడు కిలోలే కావచ్చు. మాల తీశాక మద్యమూ ఉప్పూ బరువూ మూడూ కలిసి తిరిగొస్తాయి కాబట్టి బీపీ కూడా అంత వేగంగానే తిరిగొస్తుంది. దీక్ష మంచి మొదలే. ఆ తర్వాతి జనవరి నెల ఎలా గడుస్తుందన్నదే అసలు ప్రశ్న.

మూడు పాయింట్లు మీటరులో ఎలా దొరుకుతాయి

మూడు కిలోలు తగ్గితే రావాల్సింది మూడు పాయింట్లు. ఒకే మనిషికి ఒకే రోజు ఉదయానికీ సాయంత్రానికీ బీపీలో పది, పదిహేను పాయింట్ల తేడా ఉండటం మామూలు. మెట్లెక్కి వచ్చి కూర్చున్నా, కాఫీ తాగినా, మూత్రం ఆపుకుని ఉన్నా, క్లినిక్కులో టెన్షన్ పడినా పెరుగుతుంది. ఈ హెచ్చుతగ్గుల మధ్య మూడు పాయింట్లను ఒక్క రీడింగులో పట్టుకోవాలనుకోవడం వృథా. సగటు తీస్తేనే అది దొరుకుతుంది.

దానికి పద్ధతి ఉంది. చేతి పై భాగానికి పట్టీ చుట్టే ఆటోమేటిక్ మీటరు కావాలి, మణికట్టుకు పెట్టేది కాదు. ఉదయం కాలకృత్యాలు తీరాక, కాఫీ, టిఫిన్, బీపీ మాత్ర ఇంకా వేసుకోకముందు, కుర్చీలో వీపు ఆనించి, పాదాలు నేల మీద పెట్టి, చెయ్యి బల్ల మీద గుండె ఎత్తున ఉంచి, ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవాలి. ఆ తర్వాత నిమిషం తేడాతో రెండు రీడింగులు తీసుకోవాలి. రాత్రి పడుకునేముందు అలాగే ఇంకో రెండు. ఇలా ఏడు రోజులు చూసి, మొదటి రోజుది తీసేసి, మిగిలిన 24 రీడింగుల సగటు కట్టాలి. ఆ సగటు 135/85 దాటితే ఇంట్లో చూసిన లెక్కలో బీపీ ఎక్కువ ఉన్నట్టే. క్లినిక్కులో 140/90కి ఇది సమానం. మళ్లీ ఇలాంటి వారం నెలకో, నెలన్నరకో ఒకసారి చేస్తే చాలు. రోజూ చూసుకుంటూ అంకెలతో కుస్తీ పడటం వల్ల భయం పెరగడం తప్ప ప్రయోజనం లేదు.

చేతి పట్టీ సంగతి ఎవరూ పట్టించుకోరు. మామూలు మీటరుతో వచ్చే పట్టీ చాలావరకు 22 నుంచి 32 సెంటీమీటర్ల చుట్టుకొలత ఉన్న చేతికి సరిపోతుంది. ఆ కొలత పట్టీ మీదే రాసి ఉంటుంది. లావుగా ఉన్న మనిషి చెయ్యి 34, 36 ఉంటే, ఆ పట్టీ బలవంతంగా చుట్టి చూసిన బీపీ ఉన్నదాని కంటే సుమారు ఐదు పాయింట్లు ఎక్కువ చూపిస్తుంది. చెయ్యి ఇంకా లావైతే ఆ తప్పు ఇరవై పాయింట్ల దాకా వెళ్తుందని 2023లో అమెరికాలో జరిగిన ఒక ట్రయల్‌లో తేలింది. అంటే బరువు తగ్గి చెయ్యి సన్నబడితే, అసలు బీపీ అంతే ఉన్నా అంకె తగ్గినట్టు కనిపించే ప్రమాదం ఉంది. టేపుతో మోచేతికీ భుజానికీ నడుమ కొలిచి, సరిపడే పట్టీ మొదటి రోజే కొనుక్కుంటే ఈ గొడవ ఉండదు.

ఒక లెక్క, మొదటినుంచి

గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టు గుమస్తాను ఉదాహరణగా తీసుకుందాం. వయసు 46, ఎత్తు 168 సెంటీమీటర్లు, బరువు 84 కిలోలు, నడుము 102. బీపీకి రోజూ టెల్మిసార్టాన్ 40 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి వేసుకుంటున్నాడు. నవంబరు మొదటి వారంలో ఇంట్లో తీసిన సగటు 142/90. డాక్టరు రెండో మాత్ర రాయబోయి, ఫిబ్రవరి దాకా చూద్దామని ఆగాడు. ఇలా ఆగడం 140, 145 మధ్య ఉన్నప్పుడు, షుగరు, గుండె, కిడ్నీ జబ్బులు లేనప్పుడు మాత్రమే కుదురుతుంది. 160 ఉన్న మనిషి బరువు తగ్గేదాకా మందు వద్దనుకుంటే లెక్కే తప్పు. పది కిలోలు తగ్గినా ఆ అంకె నార్మల్‌కి రాదు.

అతనికి లక్ష్యం ఆదర్శ బరువు కాదు. ఎత్తును బట్టి చార్టు చూస్తే 65 కిలోలు ఉండాలని వస్తుంది, ఆ మాట వినగానే ఎవరైనా చేతులెత్తేస్తారు. ఉన్న బరువులో ఇరవయ్యో వంతు, అంటే నాలుగు కిలోల పైచిలుకు, మూడు నెలల్లో తగ్గడం అతని పని.

మొదట వంటింటి నూనె చూడాలి, ఎందుకంటే అది పళ్లెంలో కనబడదు. ఇంట్లో నలుగురు. నెలకు ఐదు లీటర్ల డబ్బా అయిపోతుంది. బరువులో అది దాదాపు 4,600 గ్రాములు, మనిషికి రోజుకు 38 గ్రాములు. గ్రాముకు తొమ్మిది క్యాలరీల లెక్కన 340 పైమాటే. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పేది మనిషికి రోజుకు పాతిక, ముప్పై గ్రాముల లోపు. నూనెను స్పూన్లతో కొలిచి వండమంటే ఏ ఇంట్లోనూ వారం దాటి జరగదు. దానికంటే పనికొచ్చే పద్ధతి, డబ్బా మానేసి లీటరు ప్యాకెట్లు మూడు తేవడం, ఒకటో తారీఖున ఒకటి, పదకొండున ఒకటి, ఇరవై ఒకటిన ఒకటి తెరవడం. ప్యాకెట్ తొందరగా అయిపోతే ఆ నాలుగు రోజులూ వేపుళ్లు మాని పప్పు, పులుసు, ఆవిరి కూరలతో గడపాలి. ఇలా మూడు లీటర్లకు దిగితే మనిషికి రోజుకు సుమారు 140 క్యాలరీలు తగ్గుతాయి. అందులోనూ ఇంటిల్లిపాదికీ తగ్గుతాయి. ఒక్కడికి వేరే వంట చేయాల్సిన పని లేదు, ఆ వేరే వంట నాలుగు వారాల్లో ఆగిపోయే ముచ్చటా ఉండదు.

రెండోది రాత్రి అన్నం. కోస్తాలో అన్నం మానేయమనడం, మానేసి పుల్కాలు తినమనడం సులువుగా ఇచ్చే సలహా. కొందరికి సరిపడుతుంది. చాలామందికి మూడో వారానికి పుల్కాలూ ఉంటాయి, ఆ మీద పెరుగన్నమూ ఉంటుంది. మన గుమస్తా రాత్రి మూడు కప్పుల అన్నం తినేవాడు. దాన్ని రెండు చేసి, పోయిన కప్పు బదులు ఒక కప్పు బీరకాయో సొరకాయో చిక్కుడుకాయో కూర పెంచాడు. కప్పు అన్నం సుమారు 200 క్యాలరీలు, కూర డెబ్భై. మిగిలింది 130. కడుపు నిండినట్టే ఉంటుంది కాబట్టి పది గంటలకు మళ్లీ ఆకలని మిక్చర్ డబ్బా తీయడు.

మూడోది సాయంత్రం. యార్డు పని వదిలాక అరండల్‌పేట వైపో బ్రాడీపేట వైపో వెళ్తూ బండి దగ్గర ఆగడం ఉంటుంది. మధ్యలో చీల్చి ఉల్లిపాయలు కూరి నిమ్మకాయ పిండిన పెద్ద మిర్చి బజ్జీ ఒక్కోటీ 120 నుంచి 150 క్యాలరీలు అనుకోవచ్చు. మూడు తింటే 400. వారానికి నాలుగు రోజులు ఆగేవాడు ఒక్కరోజుకే పరిమితమైతే రోజు సగటున 170 తగ్గినట్టు. పూర్తిగా మానాలని పెట్టుకోకపోవడమే మంచిది. శనివారం బజ్జీ ఉందని తెలిస్తే మంగళవారం బండి దాటడం తేలిక. ఇక యార్డులో నాలుగు సార్లు తాగే టీలో రెండేసి చెంచాల పంచదార. దాన్ని రెండు టీలు, ఒక్కో చెంచాకు దింపితే ఇంకో వంద.

ఈ నాలుగూ కలిపితే రోజుకు 540. వారానికి ఐదు రోజులు అరగంట చురుగ్గా నడిస్తే, ఆ బరువు మనిషికి ఒక్కో నడకకు వంద, నూట ఇరవై అదనంగా ఖర్చవుతుంది. రోజు సగటు ఎనభై. ఇంత కష్టపడి నడిస్తే మూడు బజ్జీల్లో ఒక్కటి కూడా సరిగ్గా అరగలేదన్నమాట. నడక వల్ల బీపీకి వేరే మేలు ఉంది, తగ్గిన బరువు నిలబడటానికి అది చాలా అవసరం. కానీ నడకతోనే బరువు తగ్గాలనుకుంటే మాత్రం ఆశాభంగం తప్పదు. మొత్తం కలిపి రోజుకు 620. కిలో కొవ్వుకు 7,700 క్యాలరీల పాత లెక్క వేస్తే మూడు నెలల్లో ఏడు కిలోలు తగ్గాలి. తగ్గవు. పెళ్లి భోజనాలుంటాయి, జ్వరం వచ్చిన వారం ఉంటుంది, ఒళ్లు కూడా బరువు తగ్గేకొద్దీ ఖర్చు తగ్గించుకుంటుంది. కాగితం మీది లెక్కలో మూడింట రెండొంతులు దక్కితే అది బాగా చేసినట్టే. ఫిబ్రవరి మొదటి వారానికి గుమస్తా 79 కిలోల 500 గ్రాములకు వచ్చాడనుకుందాం. నాలుగున్నర కిలోలు.

లెక్క ప్రకారం నాలుగున్నర పాయింట్లు రావాలి. సగటు 135/86 వచ్చిందనుకుంటే ఏడు పాయింట్లు తగ్గాయి. ఆ అదనపు రెండు మూడు పాయింట్లు ఎక్కడివి? కొంత నడకది కావచ్చు, ఎక్కువగా ఉప్పుది. బజ్జీలు తగ్గాయి, రాత్రి పెరుగన్నంలో ఆవకాయ తగ్గింది. మామిడి ఊరగాయ బరువులో పదో వంతు దాకా ఉప్పే ఉంటుంది. 15 గ్రాముల ముద్ద వేసుకుంటే ఒకటిన్నర గ్రాము ఉప్పు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజు మొత్తానికి చెప్పిన ఐదు గ్రాముల్లో దాదాపు మూడో వంతు ఒక్క ముద్దలో పోయింది. గుంటూరు కారానికి ఈ పాపంలో వాటా లేదు. కారం బీపీని పెంచదు. కారప్పొడిలో, పచ్చడిలో కారానికి తోడుగా పడే ఉప్పే పెంచుతుంది. ఉప్పు తగ్గించమన్నారు కదా అని మార్కెట్లో దొరికే తక్కువ సోడియం ఉప్పుకు మారే ముందు డాక్టరును అడగాలి. అందులో పొటాషియం ఉంటుంది. టెల్మిసార్టాన్ లాంటి మాత్రలు వాడేవాళ్లకు, కిడ్నీ బాగా లేనివాళ్లకు అది పెరిగిపోయే ప్రమాదం ఉంది.

ఇదే మూడు నెలల్లో దారి తప్పించేవి కూడా ఉంటాయి. అందులో ముఖ్యమైనది మోకాళ్ల నొప్పి. 84 కిలోల మనిషి ఒక్కసారిగా గంట నడక మొదలుపెడితే పదో రోజుకు మోకాలు పట్టేస్తుంది. మెడికల్ షాపులో అడిగితే డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్ర ఇస్తారు. ఆ రకం మాత్రలు ఒంట్లో ఉప్పునూ నీళ్లనూ నిలిపేస్తాయి, బీపీ పెంచుతాయి, బీపీ మాత్ర పనిని మందగింపజేస్తాయి. బరువు తగ్గుతూ, నడుస్తూ, ఉన్నట్టుండి బీపీ పెరిగితే మొదట వెతకాల్సింది ఈ మాత్రనే. పది నిమిషాల చొప్పున పూటకొకసారి నడిచి, వారానికి కొంచెం పెంచుకుంటూ పోతే ఆ అవసరం రాదు. రాత్రి గట్టిగా గురక పెట్టి, ఊపిరి ఆగినట్టయి ఉలిక్కిపడి లేచే అలవాటు ఉన్నవాళ్లకు నిద్ర పరీక్ష వేరే కావాలి. బీపీ దిగకపోవడానికి అది కారణమైతే నూనె ప్యాకెట్ల లెక్కతో తీరదు.

మే నెలలో ఏం జరుగుతుంది

విజయవాడ, గుంటూరు వాళ్లకు ఈ లెక్కలో ప్రత్యేకంగా ఒక చిక్కు ఉంది. వేసవిలో అందరి బీపీ కాస్త దిగుతుంది, చలికాలంలో పెరుగుతుంది. వేడికి రక్తనాళాలు వెడల్పవుతాయి, చెమటలో నీరూ ఉప్పూ పోతాయి. చలికాలానికీ వేసవికీ సగటున పై బీపీలో ఐదు పాయింట్ల తేడా ఉంటుందని యూరప్ డాక్టర్ల లెక్క. 44, 45 డిగ్రీలు కాసే మన ఊళ్లలో అది అంతకంటే తక్కువ ఉంటుందని అనుకోవడానికి లేదు. సంక్రాంతి తర్వాత మొదలుపెట్టి మే నెలలో బీపీ చూసుకున్న మనిషి, ఎండ ఇచ్చిన తగ్గుదలను కూడా తన బరువు ఖాతాలో రాసుకుంటాడు. వేసవిలో మొదలుపెట్టి డిసెంబరులో చూసుకున్నవాడికి దీనికి రివర్సు. నిజంగా తగ్గిన పాయింట్లను చలి మింగేస్తుంది.

ఎండతో ఇంకో ప్రమాదం కూడా ఉంది. మన గుమస్తా మే నెలలో 78 కిలోలకు వచ్చాడు, సగటు 122/76. యార్డుకు వేసవి సెలవులు. మధ్యాహ్నం పడుకుని లేవగానే కళ్లు తిరిగి గోడ పట్టుకున్నాడు. కూర్చుని చూస్తే 116, లేచి నిలబడి నిమిషం తర్వాత చూస్తే 94. లేచినప్పుడు పై బీపీ ఇరవై పాయింట్లు, అంతకంటే ఎక్కువ పడితే అది పట్టించుకోవాల్సిన సంగతి. బరువు తగ్గింది, ఉప్పు తగ్గింది, ఎండ కాస్తోంది, మాత్ర మాత్రం నవంబరులో రాసిన మోతాదులోనే ఉంది. మూత్రం ఎక్కువ పోయేలా చేసే మాత్ర కూడా కలిసి ఉంటే ఇది ఇంకా తొందరగా వస్తుంది. ఇలాంటప్పుడు మాత్ర తనంతట తాను ఆపేయకూడదు, ఓర్చుకుని వేసుకుంటూ కూర్చోకూడదు. రీడింగులు రాసిన కాగితంతో డాక్టరు దగ్గరికి వెళ్లాలి. కూర్చున్నవీ నిలబడినవీ రెండూ అందులో ఉండాలి. డాక్టరు ఇక్కడ టెల్మిసార్టాన్‌ను 20కి తగ్గించాడు, నెలకు మళ్లీ రమ్మన్నాడు.

ఆ తర్వాతి నవంబరులో అతని సగటు 132/84, బరువు 79. మే నెలతో పోల్చుకుని పది పాయింట్లు పెరిగిందని గాభరా పడటానికి ఏమీ లేదు. పోల్చాల్సింది కిందటి నవంబరుతో. అప్పుడు 40 మాత్ర మీద 142 ఉండేది, ఇప్పుడు సగం మాత్ర మీద 132. బరువు మళ్లీ 82 దాటితే మాత్రం, డాక్టరు పిలిచేదాకా ఆగకుండా, ఏడు రోజుల సగటు మళ్లీ తీసి పట్టుకెళ్లాలి.